అరువు గడువు తగ్గించే ముందు పాత బిల్లులన్నీ తెరిచి చూశాం

2024 జూన్ మొదటి వారంలో ఒక సాయంత్రం పెదనాన్న నా టేబుల్ దగ్గరికి వచ్చి, "అమ్మలూ, ఇకనుంచి ఎవరికైనా సరే ముప్పై రోజులే అరువు. అందరికీ లెటర్లు టైప్ చెయ్యి" అన్నారు. పేపర్ మిల్లు వాళ్లు డబ్బు కోసం మూడోసారి పెట్టిన మెసేజ్ ఆయన ఫోనులో అలాగే తెరిచి ఉంది. క్రాఫ్ట్ పేపర్ లోడు వచ్చిన పదిహేను రోజుల్లో మేం డబ్బు కట్టాలి. బ్యాంకు అప్పు వాడుకునే మా క్యాష్ క్రెడిట్ ఖాతాలో ఆ రోజు అంత లేదు.

మాది విశాఖపట్నం ఆటోనగర్‌లో అట్టపెట్టెలు చేసే చిన్న యూనిట్. జీఎస్టీ కలిపి నెలకు సుమారు 40 లక్షల బిల్లింగ్ ఉంటుంది. పార్టీలు 38 మంది. అందరికీ 45 రోజుల అరువని నోటిమాటగా నడుస్తోంది. నేను బీకాం తర్వాత నాలుగేళ్లు ఒక ఆడిటర్ గారి ఆఫీసులో పనిచేసి, అప్పటికి ఏడాది క్రితమే పెదనాన్న దగ్గర లెక్కలు చూడటానికి వచ్చాను. లెటర్లు టైప్ చెయ్యమంటే చేసేదాన్నే. కానీ 45 రోజులకే డబ్బు ఇవ్వనివాళ్లు 30 అని రాస్తే మాత్రం ఇస్తారా అన్న అనుమానం వదల్లేదు. "పెదనాన్నా, ఒక్క వారం ఆగండి. ఎవరి బాకీ ఎన్నాళ్లదో విడదీసి చూపిస్తాను. అప్పుడు మీరు ఎలా అంటే అలా చేద్దాం" అన్నాను. ఆయన సరేనన్నారు గానీ, ఆ వారం రోజులూ ఆయన టెన్షన్ నాకు కనిపిస్తూనే ఉంది.

లెక్కలు రాసుకునే టాలీ సాఫ్ట్‌వేర్‌లో రిపోర్టు తీయడం రెండు నిమిషాల పని. రావాల్సిన బిల్లులన్నిటినీ వాటి వయసు ప్రకారం గళ్లల్లో పెట్టి చూపిస్తుంది. దాన్నే ఏజింగ్ అంటాం. మొదటి రిపోర్టులో మొత్తం 96 లక్షలు వచ్చింది. నెలకు 40 లక్షల అమ్మకానికి 96 లక్షలు బయట ఉన్నాయంటే సగటున 72 రోజుల అమ్మకం డబ్బు మా చేతికి రాలేదని అర్థం. పెదనాన్న కోపం సబబే అనిపించింది. అయితే ఆ రిపోర్టు అడుగున మైనస్‌లో ఒక అంకె ఉంది. దాని పక్కన `On Account` అని రాసి ఉంది. అది 7 లక్షలు.

పార్టీ డబ్బు వేసినప్పుడు అది ఏ బిల్లుకు వచ్చిందో చూసి, ఆ బిల్లు మీద `Agst Ref` అని కొట్టాలి. ఏ బిల్లుదో తెలియనప్పుడు మా పాత అకౌంటెంట్ గారు `On Account` అని పెట్టి వదిలేసేవారు. పార్టీ బ్యాలెన్స్ సరిగానే ఉంటుంది కాబట్టి ఆ తేడా ఎవరి కంటా పడదు. కానీ డబ్బు వచ్చేసిన బిల్లు కూడా రానట్టే కూర్చుని రోజురోజుకీ ముసలిదైపోతుంది. నేను బ్యాంకు స్టేట్‌మెంట్, పార్టీలు పంపిన పేమెంట్ మెయిళ్లు పక్కన పెట్టుకుని మూడు రోజులు ఒక్కొక్కటీ సర్దాను. పెద్ద కంపెనీలు అప్పటి ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 194క్యూ కింద 0.1 శాతం టీడీఎస్ పట్టుకునేవి. లక్షన్నర బిల్లులో నూట యాభై రూపాయలు తగ్గి వచ్చేవి. ఆ నూట యాభై కోసం బిల్లు మూతపడకుండా ఏళ్ల తరబడి లిస్టులో ఉండిపోయింది. అలాంటి చిల్లర బిల్లులే అరవైకి పైగా తేలాయి. వాటి మొత్తం ఏమంత కాదు గానీ, లిస్టు చూసిన మనిషికి ఊరంతా మనకు బాకీ ఉన్నట్టు కనిపిస్తుంది.

సర్దక ముందు, సర్దాక లెక్క ఇలా ఉంది. అంకెలు లక్షల్లో.

| బిల్లు వయసు | మొదట | సర్దాక |
|---|---|---|
| 0–30 రోజులు | 36 | 36 |
| 31–60 | 25 | 25 |
| 61–90 | 13 | 12 |
| 91–120 | 8 | 6 |
| 120 దాటినవి | 14 | 10 |
| మొత్తం | 96 | 89 |

ఈ తేడా కాగితం మీదే ఆగలేదు. మా బ్యాంకు 90 రోజులు దాటిన బాకీని లెక్కలోకి తీసుకోదు. మిగిలిన దాంట్లో 25 శాతం మార్జిన్ తీసేసి, ఆ మేరకే డబ్బు వాడుకోనిస్తుంది. మేం నెలనెలా ఇచ్చే స్టేట్‌మెంట్‌లో 89 లక్షల బ్యాలెన్స్ చూపించి, అందులోంచి 90 దాటినవని 22 లక్షలు తీసేస్తూ వచ్చాం. నిజానికి తీయాల్సింది 16 లక్షలే. ఆ 6 లక్షల మీద నాలుగున్నర లక్షలు వాడుకునే వీలుండి కూడా మేం మిల్లు వాళ్లకు సర్దిచెబుతూ కూర్చున్నాం. ఇది తెలిసినప్పుడు పెదనాన్న కాసేపు ఏమీ మాట్లాడలేదు.

తర్వాత ఇంకో చిక్కు వచ్చింది. ఈ గళ్లు బిల్లు తేదీ నుంచి లెక్కపెట్టినవి. మా గడువు 45 రోజులు కాబట్టి 31–60 గడిలో ఇంకా గడువు రాని బిల్లులూ, గడువు దాటినవీ కలిసిపోయాయి. అదే రిపోర్టును గడువు తేదీ నుంచి లెక్కపెట్టమని మార్చి తీశాను. ఆ 25 లక్షల్లో 14 లక్షలకు ఇంకా గడువే రాలేదు. అంటే 89లో 50 లక్షల విషయంలో ఎవరూ ఏ తప్పూ చెయ్యలేదు. గడువు దాటింది 39. అందులో 11 లక్షలు పదిహేను రోజుల్లోపు ఆలస్యం. ఆ మాత్రం ఆలస్యం మా వ్యాపారంలో ఎప్పుడూ ఉండేదే, రెండు ఫోన్లతో వచ్చేస్తుంది. అసలు చూడాల్సింది 60 రోజులు దాటిన 28 లక్షలు.

పెదనాన్న బీరువాలోంచి మార్చి 31 నాటి లిస్టు తెచ్చి, "మార్చిలో బాగానే ఉంది కదమ్మా, రెండు నెలల్లో ఇంత దిగజారిందేంటి?" అని అడిగారు. అది మంచి ప్రశ్న. ఆ ఏడాదే ఆదాయపు పన్ను చట్టంలో 43బి(హెచ్) అనే సెక్షన్ మొదటిసారి అమల్లోకి వచ్చింది. మాలాంటి చిన్న ఉత్పత్తిదారులకు గడువులోపు డబ్బు ఇవ్వకుండా మార్చి 31 దాటిస్తే, కొన్న కంపెనీకి ఆ ఖర్చు ఆ ఏడాది లెక్కలో చెల్లదు. అందుకని పెద్ద పార్టీలన్నీ మార్చి ఆఖరి వారంలో పాత బిల్లులు కట్టేశాయి. ఏప్రిల్ నుంచి మళ్లీ పాత పద్ధతే. ఒక్క మార్చి నెలాఖరు చూసి పార్టీ మంచిదనుకోవడం ఎంత పొరపాటో, దాంతో పోల్చి జూన్‌లో కొంప మునిగిందనుకోవడమూ అంతే పొరపాటు. నేను అంతకు ముందు డిసెంబర్ నుంచి ప్రతి నెలాఖరు ఏజింగ్ తీసి పార్టీలవారీగా పక్కపక్కన పెట్టాను. నిర్ణయానికి పనికొచ్చింది ఈ కాగితమే.

60 దాటిన 28 లక్షల్లో 21 లక్షలు నలుగురి దగ్గరే ఉన్నాయి. పరవాడ వైపు ఒక ఫార్మా కంపెనీ 8 లక్షలు, ఒక రొయ్యల ప్లాంటు 6, పలాస వైపు జీడిపప్పు ప్యాక్ చేసే పార్టీ 5, మూతపడిన ఒక పురుగుమందుల ప్యాకింగ్ యూనిట్ 2. మిగిలిన 7 లక్షలు 34 మందిలో చిల్లరచిల్లరగా ఉన్నాయి. అందరికీ లెటర్లు పంపడం ఎందుకు తప్పో పెదనాన్నకు ఇక్కడే అర్థమైంది. ఆ 34 మందిలో ఎక్కువ మంది 45వ రోజుకు అటూ ఇటూగా ఇస్తున్నవాళ్లు. వాళ్ల గడువు 30కి తగ్గిస్తే, మా వెనక వీధిలోనే 60 రోజులిస్తానంటున్న ఇంకో యూనిట్‌కు వెళ్లిపోతారు. ఆ నలుగురికి 30 అన్నా 45 అన్నా ఒకటే.

ఆ నలుగురిదీ ఒకే రకం ఆలస్యం కాదు. గడి ఒకటే కావచ్చు, కారణాలు వేరు.

ఫార్మా కంపెనీ సంగతి ఫోనులో తేలలేదు. అకౌంట్స్ వాళ్లు ప్రతిసారీ "మీ బిల్లులు బ్లాక్‌లో ఉన్నాయి మేడమ్" అనేవారు. ఒక బుధవారం పొద్దున్నే చలాన్లన్నీ ఫైలులో పెట్టుకుని నేనే వెళ్లాను. అక్కడి సూపర్‌వైజర్ గారు ఓపికగా సిస్టమ్ తిప్పి చూపించారు. మేము పంపిన ఒక లోడులో బిల్లు ప్రకారం 1,000 పెట్టెలు. వాళ్ల స్టోరులో లెక్కపెట్టినవి 985. మా చలాన్ వెనక స్టోర్‌కీపర్ ఎర్ర పెన్నుతో "15 తడిసినవి, వాపసు" అని రాసి సంతకం కూడా చేశారు. ఆ కాగితం మా డ్రైవర్ తెచ్చి ఇచ్చాడు, మేము వెనక్కి తిప్పి చూడకుండానే ఫైల్ చేశాం. పదిహేను పెట్టెల డబ్బు బిల్లులోంచి తగ్గిస్తున్నట్టు క్రెడిట్ నోట్ పంపకపోవడంతో వెయ్యి పెట్టెల బిల్లూ ఆగింది. ఇంకో తొమ్మిది బిల్లుల్లో రేటు తేడా. ఫిబ్రవరిలో పేపర్ ధర పెరిగి మేము కొత్త రేటుతో బిల్లు వేశాం, వాళ్ల పర్చేజ్ ఆర్డర్‌లో మార్చి నెలాఖరున గానీ రేటు మారలేదు. ఆర్డర్‌లో ఒక రేటు, బిల్లులో ఇంకో రేటు ఉంటే వాళ్ల సిస్టమ్ బిల్లును ముందుకు పోనివ్వదు. అందులో ఎవరి దురుద్దేశమూ లేదు.

బస్సులో తిరిగి వస్తుంటే నాకు చాలా బాధ వేసింది. నాలుగు నెలలుగా మేము "స్లో పార్టీ" అని తిట్టుకుంటున్న 8 లక్షలు మా కాగితాలు సరిగా లేకపోవడం వల్ల ఆగాయి. రేటు తేడాకూ, తడిసిన పెట్టెలకూ కలిపి 60 వేలకు క్రెడిట్ నోట్లు ఇచ్చాం. ఐదు వారాల్లో 6 లక్షల 90 వేలు వచ్చాయి. 50 వేల బిల్లు ఒకటి మాత్రం, సరుకు అందినట్టు వాళ్ల స్టోరు రాసే జీఆర్ఎన్ కాగితం దొరక్క తేలలేదు. అప్పటినుంచి ఏజింగ్‌లో తగాదా బిల్లులను వేరే గడిలో పెడుతున్నాను. ఒక బిల్లు ఆలస్యమైందా, అడ్డంకి పడి ఆగిందా అన్నది తెలియకుండా గడువు గురించి మాట్లాడటం వృథా.

ఆ కంపెనీ ఆర్డర్ చదువుతుంటే ఇంకో సంగతి బయటపడింది. అందులో సరుకు అందిన 60 రోజులకు చెల్లింపు అని ఉంది. మా టాలీలో 45 అని ఉంది. చిన్న పరిశ్రమల కోసం చేసిన ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం, ఉద్యమ్ అనే ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉన్న చిన్న ఉత్పత్తిదారుకు రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు మించకూడదు, ఒప్పందమే లేకపోతే 15 రోజులు. మా రిజిస్ట్రేషన్ కాపీ వాళ్ల దగ్గర లేనే లేదు. అది ఇచ్చి, మర్యాదగా ఒక లెటర్ రాశాం. 43బి(హెచ్) వచ్చాక వాళ్ల ఆడిటర్లు కూడా అలాంటి సరఫరాదారుల జాబితా అడుగుతున్నారట. తర్వాతి ఆర్డర్‌లో 45 అని మారింది. మేము గడువు తగ్గించింది నిజంగా ఈ ఒక్క చోటే, అదీ గొడవ లేకుండా.

రొయ్యల ప్లాంటు వాళ్లది ఇంకో రకం. ఆరు నెలల కాగితంలో వాళ్లు డబ్బిచ్చిన సగటు రోజులు చూస్తే 84, 82, 86, 83, 85, 84. కంటైనర్ వెళ్లి విదేశీ డబ్బు వచ్చాకే మాకు ఇస్తారు. పదేళ్లుగా ఇంతే, ఒక్క రూపాయి ఎగ్గొట్టలేదు. ఇలాంటి పార్టీతో అడగాల్సింది "ఎప్పుడిస్తారు" అని కాదు, ఆ ఆలస్యం ఖర్చు ఎవరు మోస్తున్నారని. మేం బ్యాంకుకు కట్టే వడ్డీ 11 శాతం. గడువు మీద 40 రోజులు ఎక్కువైతే నూరు రూపాయల బిల్లు మీద రూపాయి ఇరవై పైసలు పోతాయి. మాకు మిగిలేదే నూటికి ఆరు రూపాయలు. పోనీ అనుకుంటే పోయేది కాదు, పార్టీని వదులుకునేంతా కాదు. దీనికి తోడు జీఎస్టీ ఉంది. వాళ్లు డబ్బిచ్చినా ఇవ్వకున్నా బిల్లు వేసిన మరుసటి నెల 20వ తేదీకి మేం పన్ను కట్టేస్తాం.

పెదనాన్న ఆ ప్లాంటు యజమానితో స్వయంగా మాట్లాడారు. ఇద్దరిదీ పాత పరిచయం. "తమ్ముడూ, నువ్వు 75 రోజులకు ఇస్తానని రాసివ్వు, రేటులో నూటికి రూపాయి కలుపుతాను. 45కి ఇస్తే పాత రేటే" అన్నారు. ఆయన 75కి ఒప్పుకున్నారు. మొత్తం బాకీ 12 లక్షలు దాటితే కొత్త లోడు ఆగుతుందని కూడా చెప్పాం. 75 అని మేం రాసుకున్నా చట్టం ఇచ్చే 45 రోజుల హక్కు పోదు. అది మాకూ తెలుసు, ఆయనకూ తెలుసు. పరిచయం ఉన్నచోట ఆ హక్కును బయటికి తీయాల్సిన పని పడకపోవడమే మేలు.

నాకు నిద్ర పట్టనివ్వనిది జీడిపప్పు పార్టీ. బాకీ రొయ్యల ప్లాంటు కంటే తక్కువే. కానీ ఆరు నెలల వరుస చూడండి: 48, 51, 55, 62, 70, 81. నెలనెలా పెరుగుతోంది. ఇంకో గుర్తు కూడా ఉంది. అంతకుముందు వాళ్లు బిల్లు మొత్తం పైసలతో సహా వేసేవారు, 1,37,482 అంటే అంతే. మార్చి తర్వాత 50,000, 30,000, మళ్లీ 50,000. చేతిలో ఉన్నంత వేస్తున్నారన్నమాట. ఈ గుండ్రటి అంకెలు ఏ ఏజింగ్ రిపోర్టులోనూ కనపడవు, లెడ్జర్ తెరిచి చూస్తేనే కనపడతాయి. పైగా అదే సమయంలో వాళ్లు మా దగ్గర ఎక్కువ పెట్టెలు కొంటున్నారు. మా సేల్స్ చూసే అబ్బాయి అది మంచి సంగతనుకున్నాడు. ఇతర యూనిట్లు అరువు ఆపేసి ఉంటాయని నాకు అనిపించింది. తర్వాత పేపర్ ఏజెంట్ మాటల్లో అదే నిజమని తేలింది.

5 లక్షలు పోతే, నూటికి ఆరు మిగిలే వ్యాపారంలో ఆ నష్టం పూడటానికి 83 లక్షల అమ్మకం కావాలి. అంటే రెండు నెలల పైన మొత్తం యూనిట్ దానికోసమే పనిచెయ్యాలి. ఈ లెక్క చూపించాక పెదనాన్న ఇక తటపటాయించలేదు. జూన్ మూడో వారం నుంచి వాళ్లకు అరువు ఆపేశాం. కొత్త లోడు కావాలంటే దాని డబ్బు ముందే, దానితోపాటు పాత బాకీలో 40 వేలు. అన్నిటికంటే ముందు వాళ్లతో బ్యాలెన్స్ సరిపోయిందని లెటర్ మీద సంతకం, స్టాంపు తీసుకున్నాం. రేపు కోర్టు దాకా వెళ్లాల్సి వస్తే, మూడేళ్ల కాలపరిమితి ఆ సంతకం తేదీ నుంచి మళ్లీ మొదలవుతుంది. నాలుగు లోడ్లు అలా తీసుకున్నారు, 1 లక్ష 60 వేలు తగ్గింది. సెప్టెంబర్ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశారు. 3 లక్షల 40 వేలు మిగిలింది. ఎంఎస్ఎంఈ సమాధాన్ పోర్టల్‌లో ఫిర్యాదు వేశాం. చట్టం ప్రకారం ఆలస్యానికి రిజర్వ్ బ్యాంకు బ్యాంక్ రేటుకు మూడు రెట్లు వడ్డీ, నెలనెలా చక్రవడ్డీగా అడగవచ్చు. అప్పుడు బ్యాంక్ రేటు 6.75, కాబట్టి 20.25 శాతం. అడిగే హక్కు ఉంది, వచ్చే దారి మాత్రం ఇంకా పొడుగే.

పురుగుమందుల యూనిట్ గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. వాళ్లిచ్చిన చెక్కు ఏడాది క్రితం తిరిగొచ్చింది. బ్యాంకు నుంచి మెమో అందిన ముప్పై రోజుల్లో నోటీసు పంపాలన్న సంగతి మా దగ్గర ఎవరూ పట్టించుకోలేదు. చెక్కు బౌన్స్ అయితే సెక్షన్ 138 కింద పెట్టే కేసుకు దారి మూసుకుపోయింది. ఆ 2 లక్షలు నష్టం కింద రాసి, ఏజింగ్ లిస్టులోంచి తీసేశాం. రాని డబ్బు లిస్టులో ఉంటే సగటు పాడవుతుంది, మిగిలిన పార్టీల మీద లేనిపోని అనుమానం వస్తుంది.

నవంబర్ ఆఖరున రావాల్సిన మొత్తం 74 లక్షలు, అంటే 55 రోజుల అమ్మకం. 90 దాటినవి 5 లక్షలు, అందులో 3 లక్షల 40 వేలు జీడిపప్పు పార్టీదే. 34 మందికి గడువు 45 రోజులే ఉంది, వాళ్లలో ఒక్కరూ మమ్మల్ని వదిలి వెళ్లలేదు. పెదనాన్న టైప్ చెయ్యమన్న లెటరు నా కంప్యూటర్‌లో డ్రాఫ్టుగానే ఉండిపోయింది. ఇప్పుడు ప్రతి నెలా రెండో తేదీన ఏజింగ్ తీసి, పక్కన గడిచిన ఐదు నెలల రోజులు రాసి ఆయన టేబుల్ మీద పెడతాను. ఆయన మొత్తం వైపు చూడరు. కళ్లజోడు పెట్టుకుని, పెన్ను చివరతో ఒక్కో పార్టీ వరుస మీదుగా పోతూ, అంకెలు వరుసగా మూడు నెలలు పెరిగిన చోట ఆగి, "ఈయనకి ఒకసారి ఫోన్ కలుపమ్మా" అంటారు.